థర్మోకపుల్‌కి కోల్డ్ జంక్షన్ కాంపెన్సేషన్: ఏ పద్ధతి ఎక్కడ నప్పుతుంది

కొలిమి లోపల సరిగ్గా 800 డిగ్రీల సెల్సియస్ ఉంది. అందులో కె టైప్ థర్మోకపుల్ పెట్టి, దాని రెండు తీగలను మైక్రోవోల్టుల దాకా చూపే మంచి మల్టీమీటర్‌కి నేరుగా బిగించారు. మీటర్ 31.868 మిల్లీవోల్టులు చూపింది. కె టైప్ పట్టికలో ఆ విలువ ఎదురుగా చూస్తే సుమారు 766 డిగ్రీలు ఉంటుంది. మీటర్ చెడిపోలేదు, థర్మోకపుల్ కూడా బాగానే ఉంది. అయినా 34 డిగ్రీలు తక్కువగా వచ్చింది. మీటర్ టెర్మినళ్ల దగ్గర వేడి కొలిచి చూస్తే 35 డిగ్రీలు ఉంది. తగ్గిన ఆ డిగ్రీల లెక్క అక్కడ దొరుకుతుంది.

థర్మోకపుల్ వేడిని కొలవదు, రెండు చోట్ల మధ్య ఉన్న వేడి తేడాను కొలుస్తుంది. రెండు తీగలు కలిసిన కొనలో వోల్టేజ్ పుడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తీగ పొడవునా, ఎక్కడైతే వేడి మారుతూ ఉంటుందో అక్కడ అది పుడుతుంది. కె టైప్‌లో ఉండే రెండు తీగల్లో క్రోమెల్ తీగలో ఒక లెక్కన, అల్యుమెల్ తీగలో మరో లెక్కన పుడుతుంది. రెండింటి తేడాయే మన చేతికి అందే మిల్లీవోల్టులు. ఆ రెండు తీగలూ ఎక్కడ ఆగిపోయి రాగి మొదలవుతుందో, అక్కడితో లెక్క ముగుస్తుంది. అదే కోల్డ్ జంక్షన్. పేరులో కోల్డ్ ఉన్నా అది చల్లగా ఉండాలని లేదు. మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌ని 30 డిగ్రీల గదిలోంచి కొలిచేటప్పుడు రెండింట్లో వేడిగా ఉండేది కోల్డ్ జంక్షనే. అప్పుడు వోల్టేజ్ మైనస్ 1.981 మిల్లీవోల్టులు వస్తుంది.

పట్టికలన్నీ కోల్డ్ జంక్షన్ 0 డిగ్రీల దగ్గర ఉందనుకుని రాసినవి. 800 డిగ్రీలకు పట్టిక విలువ 33.275, 35 డిగ్రీలకు 1.407. మీటర్ చూపింది వీటి తేడా. కాబట్టి టెర్మినల్ వేడికి తగిన మిల్లీవోల్టులను తిరిగి కలపాలి. 31.868కి 1.407 కలిపితే 33.275 వస్తుంది, పట్టిక 800 చూపిస్తుంది. కాంపెన్సేషన్ అంటే ఈ కలపడమే. ఏ పద్ధతి ఎంచుకున్నా లోపల జరిగేది ఇంతే.

ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. మిల్లీవోల్టులు కలపాల్సిన చోట డిగ్రీలు కలిపేస్తారు. పై ఉదాహరణలో 766కి 35 కలిపితే 801 వస్తుంది. దగ్గరగా ఉంది కదా అని ఆ ప్రోగ్రాం అలాగే ఉండిపోతుంది. కె టైప్ దాదాపు సరళరేఖలా నడుస్తుంది కాబట్టి అక్కడ తప్పు దాక్కుంది, అంతే. అదే ప్రోగ్రాంని ప్లాటినం-రోడియం ఎస్ టైప్‌కి వాడండి. 1000 డిగ్రీల దగ్గర 9.587 మిల్లీవోల్టులు, 35 దగ్గర 0.204. మీటర్‌కి అందేది 9.383, పట్టికలో అది సుమారు 982 డిగ్రీలు. దానికి 35 కలిపితే 1017 అవుతుంది. 17 డిగ్రీల తప్పు. గది వేడి దగ్గర ఎస్ టైప్ ఒక్కో డిగ్రీకి 6 మైక్రోవోల్టులు ఇస్తే, 1000 దగ్గర 11.5 ఇస్తుంది. అందుకే డిగ్రీకి డిగ్రీ కలపడం కుదరదు. సరైన వరస ఇది:

```
v_cj    = table_mv(t_terminal)
v_total = v_measured + v_cj
t_hot   = table_temp(v_total)
```

ఈ మూడు వరసల్లో మొదటిదే అన్ని పద్ధతులనూ వేరు చేస్తుంది. `t_terminal` ఎంత నమ్మకంగా తెలుసు అన్నదే అసలు ప్రశ్న. కె టైప్‌లో టెర్మినల్ వేడిని ఒక డిగ్రీ తప్పుగా చదివితే ఫలితంలోనూ దాదాపు ఒక డిగ్రీ తప్పు వస్తుంది. ఎస్ టైప్‌లో 1000 దగ్గర అది అరడిగ్రీకి తగ్గుతుంది. బి టైప్‌కైతే గది వేడి దగ్గర వోల్టేజ్ దాదాపు సున్నా, 25 డిగ్రీలకు మైనస్ 0.002 మిల్లీవోల్టులు మాత్రమే. బి టైప్ వాడేవాళ్లు కాంపెన్సేషన్ గురించి ఆలోచించకపోయినా నష్టం లేదు. మిగతా చర్చంతా కె టైప్ మీదే నడుపుదాం, ఎక్కువగా ఎదురయ్యేది అదే.

ఐస్ బాత్

వేడిని కొలిచి లెక్క కట్టే బదులు, కోల్డ్ జంక్షన్‌నే నిజంగా 0 డిగ్రీల దగ్గర ఉంచడం పాత పద్ధతి. శ్రద్ధగా చేస్తే డిగ్రీలో నూరో వంతు వరకు నమ్మవచ్చు. క్యాలిబ్రేషన్ బల్ల మీద ఇప్పటికీ దీనిదే పైచేయి.

డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ఐస్‌ని సన్నగా కొట్టి థర్మాస్ లాంటి ఫ్లాస్కులో అడుగు దాకా దట్టించాలి. ఖాళీలు నిండేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. థర్మోకపుల్ తీగ ఒక్కొక్కటీ ఒక రాగి తీగతో కలిసే అతుకును సన్నని గాజు గొట్టంలో దించి, ఆ గొట్టాన్ని ఐస్‌లో లోతుగా గుచ్చాలి. రెండు తీగలకు రెండు గొట్టాలు. గొట్టం పైపైన ఉంటే రాగి తీగ వెంట గది వేడి కిందికి దిగుతుంది, అతుకు 0 దగ్గర ఉండదు.

ఎక్కువగా చెడేది నీళ్ల దగ్గర. ఐస్ కరిగి పైకి తేలిపోయి, అడుగున నీళ్లు మాత్రమే మిగిలితే ఆ అడుగు 0 కాదు. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి కాబట్టి ఆ నీళ్లే కిందికి చేరతాయి. ఫ్లాస్కులో ఐస్ కనిపిస్తూనే ఉంటుంది, మీ అతుకులు మాత్రం 3, 4 డిగ్రీల నీళ్లలో ఉంటాయి, రీడింగ్ అంతే తగ్గిపోతుంది. అడుగున చేరిన నీళ్లు తీసేస్తూ ఐస్ నింపుతూ ఉండాలి. ఇంకో వైపు చూస్తే, ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన ఐస్ సున్నా కన్నా చాలా చల్లగా ఉంటుంది. ముక్కల మీది తెల్లని పొర పోయి తడిగా, పారదర్శకంగా కనిపించేదాకా ఆగాలి.

ఇన్ని జాగ్రత్తలు రోజంతా ఎవరూ తీసుకోలేరు. నడుస్తున్న యంత్రానికి ఇది పనికిరాదు. మీ మిగతా పద్ధతి నిజం చెబుతోందా అని సరిచూసుకోవడానికి మాత్రం ఇంతకన్నా చవకైన, నమ్మకమైన దారి లేదు.

టెర్మినల్ బ్లాక్ పక్కన సెన్సర్

డేటా లాగర్లు, పీఎల్సీ థర్మోకపుల్ కార్డులు, ప్యానెల్ కంట్రోలర్లు చాలావరకు ఇలాగే పనిచేస్తాయి. తీగలు బిగించే స్క్రూల దగ్గర ఒక థర్మిస్టర్‌నో, ప్లాటినం సెన్సర్‌నో పెట్టి, దాని రీడింగ్‌నే `t_terminal` అనుకుంటారు. ప్లాటినం సెన్సర్ క్లాస్ ఎ అయితే 30 డిగ్రీల దగ్గర దాని సొంత తప్పు 0.21 డిగ్రీల లోపే. సెన్సర్ వల్ల ఇక్కడ దెబ్బ తగలడం అరుదు. సెన్సర్ ఉన్న చోటుకీ, స్క్రూలు ఉన్న చోటుకీ మధ్య వేడి తేడా వల్లే తగులుతుంది.

ఎనిమిది ఛానెళ్ల కార్డు ఉందనుకోండి. సెన్సర్ మధ్యలో ఉంది, ఒక చివర పక్కనే పవర్ సప్లై వేడెక్కుతోంది. ఆ చివరి స్క్రూలు సెన్సర్ కన్నా 3 డిగ్రీలు వేడిగా ఉంటే, ఆ ఛానెల్ 3 డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. మిగతా ఛానెళ్లు సరిగ్గా ఉంటాయి కాబట్టి అందరూ ఆ ఒక్క థర్మోకపుల్‌నే అనుమానించి మారుస్తారు. మార్చినా అదే తప్పు ఉంటుంది. థర్మోకపుల్‌ని మధ్య ఛానెల్‌కి మార్చి బిగించి చూస్తే విషయం తేలిపోతుంది. తప్పు థర్మోకపుల్‌తో పాటు వెళితే దానిది, ఛానెల్ దగ్గరే ఉండిపోతే టెర్మినళ్లది.

మంచి పరికరాల్లో స్క్రూల కింద మందమైన అల్యూమినియం దిమ్మ ఉంటుంది. విద్యుత్తు దాటకుండా, వేడి మాత్రం దాటేలా స్క్రూలను దానికి అతికిస్తారు. దిమ్మంతా ఒకే వేడిలో ఉంటుంది కాబట్టి సెన్సర్ ఎక్కడున్నా ఒకటే. కొనేటప్పుడు ఛానెళ్ల సంఖ్య కన్నా ముందు ఇది చూడండి. స్పెసిఫికేషన్‌లో కోల్డ్ జంక్షన్ తప్పు విడిగా రాశారా లేదా అని కూడా చూడండి. కొన్ని పరికరాల్లో పెద్ద అక్షరాలతో రాసిన ఖచ్చితత్వం కోల్డ్ జంక్షన్‌ని వదిలేసి చెప్పినది, అసలు తప్పు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

గాలి ఇంకో శత్రువు. ప్యానెల్ తలుపు తీసినప్పుడు రీడింగ్ రెండు మూడు డిగ్రీలు కదిలి, పది నిమిషాల్లో మెల్లగా తిరిగి వస్తే కారణం స్పష్టమే. స్క్రూలు, సెన్సర్ ఒకే వేగంతో చల్లబడటం లేదు. ఏది ముందు మారుతోందో రీడింగే చెబుతుంది. టెర్మినళ్ల మీద హెయిర్ డ్రయర్‌తో కొద్దిగా వెచ్చని గాలి పంపి చూడండి. స్క్రూలు ముందు వేడెక్కి సెన్సర్ వెనకబడితే రీడింగ్ మొదట పడిపోతుంది, ఎందుకంటే తేడా తగ్గి మిల్లీవోల్టులు తగ్గాయి, కలపాల్సింది మాత్రం ఇంకా పెరగలేదు. సెన్సర్ ముందు వేడెక్కితే రీడింగ్ పైకి లేస్తుంది. గాలి పంపుతున్నంత సేపూ పడిపోతూ ఉండి, తిరిగి రావడమే లేకపోతే అక్కడ కాంపెన్సేషనే పనిచేయడం లేదు. మందు ఒకటే: టెర్మినళ్ల మీద మూత బిగించాలి, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా చూడాలి, ఆన్ చేశాక అరగంట ఆగి అప్పుడు రీడింగ్ నమ్మాలి.

ఒకే చిప్‌లో అంతా

మైక్రోకంట్రోలర్‌తో చేసేవాళ్లు ఎక్కువగా MAX6675, MAX31855, MAX31856 మధ్య తేల్చుకోవాల్సి ఉంటుంది. మూడూ కోల్డ్ జంక్షన్ లెక్క లోపలే కడతాయి. కానీ టెర్మినల్ వేడిగా అవి తీసుకునేది చిప్ తన సొంత వేడిని. పక్కన వోల్టేజ్ రెగ్యులేటర్ ఉండి చిప్ కనెక్టర్ కన్నా 4 డిగ్రీలు వేడిగా ఉంటే, రీడింగ్ 4 డిగ్రీలు ఎక్కువ వస్తుంది. చిప్‌ని కనెక్టర్‌కి అంటుకునేంత దగ్గరగా పెట్టడం, వేడెక్కే భాగాలను బోర్డు అవతలి మూలకు పంపడం మీ చేతిలో పని.

MAX6675 కె టైప్‌కి మాత్రమే, 0 నుంచి 1024 డిగ్రీల వరకే చదువుతుంది. ఫ్రీజర్‌కి పనికిరాదు. MAX31855 సున్నా కిందికి వెళ్తుంది, కోల్డ్ జంక్షన్ తప్పు ప్లస్ మైనస్ 2 డిగ్రీల లోపు. కానీ దానిలో ఇంకో సంగతి ఉంది, ఇది తెలియక చాలామంది కోల్డ్ జంక్షన్‌ని తిట్టుకుంటారు. ఆ చిప్ పట్టిక వాడదు. కె టైప్ మొత్తం డిగ్రీకి 41.276 మైక్రోవోల్టుల సరళరేఖ అనుకుంటుంది. కోల్డ్ జంక్షన్ 25 దగ్గర ఉండగా, అసలు వేడి 300 అయితే చిప్ 296.6 చూపిస్తుంది, 800 అయితే సుమారు 807 చూపిస్తుంది. ఒక చోట తక్కువ, ఇంకో చోట ఎక్కువ. కోల్డ్ జంక్షన్ తప్పైతే కె టైప్‌లో అన్నిచోట్లా దాదాపు ఒకే వైపు, ఒకే మోతాదులో ఉండేది. ఇలా గుర్తు మారితే అది సరళరేఖ తప్పని పట్టేయవచ్చు.

బాగుచేయడం కష్టం కాదు. చిప్ తన సొంత వేడిని కూడా విడిగా పంపుతుంది కాబట్టి, దాని లెక్కను వెనక్కి విప్పి అసలు మిల్లీవోల్టులు తెచ్చుకుని, పట్టికతో మళ్లీ కట్టాలి:

```
v_mv  = (t_read - t_chip) * 0.041276
t_hot = table_temp(v_mv + table_mv(t_chip))
```

పై లెక్కలో 296.6 నుంచి 25 తీసేసి 0.041276తో గుణిస్తే 11.21 మిల్లీవోల్టులు, దానికి 25 డిగ్రీల 1.000 కలిపితే 12.21. పట్టికలో అది 300. MAX31856 ఈ పట్టిక పనంతా తానే చేస్తుంది, కోల్డ్ జంక్షన్ తప్పు కూడా ప్లస్ మైనస్ 0.7కి తగ్గుతుంది, కె కాకుండా మిగతా టైపులూ చదువుతుంది. కొత్తగా బోర్డు గీస్తుంటే నేరుగా దీన్నే తీసుకోమని సలహా. పాత బోర్డు మీద MAX31855 ఉంటే పైరెండు వరసలు చాలు, బోర్డు మార్చనక్కర్లేదు.

దూరం ఉన్నప్పుడు: కాంపెన్సేషన్ కేబులా, హెడ్‌లో ట్రాన్స్‌మిటరా

కొలిమి ఒక చోట, ప్యానెల్ 40 మీటర్ల అవతల. థర్మోకపుల్ తీగలు వచ్చి ముగిసే పెట్టె, అంటే హెడ్, అక్కడి నుంచి ప్యానెల్ వరకు మామూలు రాగి కేబుల్ లాగితే, కోల్డ్ జంక్షన్ హెడ్‌కి మారిపోతుంది. ప్యానెల్‌లోని సెన్సర్‌కి ఆ సంగతి తెలియదు. కొలిమి 600, హెడ్ 70, ప్యానెల్ 30 అనుకుందాం. హెడ్ దగ్గర దొరికేది 24.905 లోంచి 2.851 పోగా 22.054. ప్యానెల్ దానికి 30 డిగ్రీల విలువ 1.203 కలుపుతుంది, మొత్తం 23.257. అది సుమారు 561 డిగ్రీలు. హెడ్‌కీ ప్యానెల్‌కీ మధ్య ఉన్న 40 డిగ్రీలు దాదాపు అలాగే మాయమయ్యాయి. ఇంకా ఇబ్బంది ఏమిటంటే, ఎండ ముదిరి హెడ్ వేడెక్కిన కొద్దీ ఈ తప్పు మారుతూ ఉంటుంది. స్థిరంగా ఒక సంఖ్య కలిపి సరిచేద్దామన్నా కుదరదు.

మొదటి దారి, కె టైప్ కేబులే ప్యానెల్ దాకా వేయడం. అప్పుడు కోల్డ్ జంక్షన్ ప్యానెల్‌కి వచ్చేస్తుంది. ఇక్కడ అందరూ పడే గుంట రంగులు. అమెరికా ప్రమాణంలో కె టైప్‌కి పసుపు ప్లస్, ఎరుపు మైనస్. అంతర్జాతీయ ఐఈసీ ప్రమాణంలో ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. ఎరుపు చూడగానే ప్లస్ అనుకునే అలవాటు ఎలక్ట్రీషియన్లకు సహజం. అలా కేబుల్ రెండు చివరలా తిరగేసి బిగిస్తే, బయటికి అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది, కొలిమి వేడెక్కితే రీడింగ్ పెరుగుతుంది కూడా. కానీ పై ఉదాహరణలో హెడ్, ప్యానెల్ మధ్య 1.648 మిల్లీవోల్టులు కలవాల్సింది పోయి తీసివేత అవుతుంది. 22.054 లోంచి 1.648 పోగా, 1.203 కలిస్తే 21.609. ప్యానెల్ సుమారు 523 చూపిస్తుంది. రాగి కేబుల్ వేస్తే వచ్చే తప్పుకు ఇది రెట్టింపు. ఒక్క చివర మాత్రమే తిరగబడితే వేడెక్కే కొద్దీ రీడింగ్ పడిపోతుంది కాబట్టి వెంటనే దొరికిపోతుంది. రెండు చివరలా తిరగబడ్డదే నెలల తరబడి కనబడకుండా ఉండిపోతుంది.

రెండో దారి, హెడ్ లోపలే చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టడం. అది అక్కడే కోల్డ్ జంక్షన్ కొలిచి, లెక్క కట్టి, 4 నుంచి 20 మిల్లీఆంపియర్లు పంపుతుంది. అక్కడి నుంచి మామూలు రాగి కేబుల్ చాలు, మోటార్ల దగ్గర పోయినా చికాకు తక్కువ. దూరం ఎక్కువైతే, పక్కన పెద్ద మోటార్లుంటే ఇదే మేలు. హెడ్ వేడి ట్రాన్స్‌మిటర్ తట్టుకునే హద్దు దాటుతుంటే మాత్రం, చాలా రకాలకు అది 85 డిగ్రీలు, కేబుల్ దారే పట్టాలి. ట్రాన్స్‌మిటర్ పెట్టాక ప్యానెల్ ఇన్‌పుట్‌ని మిల్లీఆంపియర్లకు మార్చడం మరచిపోకండి. వోల్టేజ్ ఇచ్చే యాంప్లిఫయర్ చిప్పుల్లోనూ ఇదే మాట. AD8495 లాంటిది తానే కాంపెన్సేట్ చేసి డిగ్రీకి 5 మిల్లీవోల్టులు ఇస్తుంది. దాని తర్వాత ప్రోగ్రాంలో మళ్లీ గది వేడి కలిపితే రెండుసార్లు కలిసినట్టే, రీడింగ్ సరిగ్గా గది వేడి అంత ఎక్కువ చూపిస్తుంది.

ఎంత ఖచ్చితత్వానికి ఎంత కష్టపడాలి

థర్మోకపుల్ తీగకే సొంత హద్దు ఉంటుంది. కె టైప్ క్లాస్ 2 తీగ ప్లస్ మైనస్ 2.5 డిగ్రీలు, లేదా కొలిచే వేడిలో 0.75 శాతం, రెంటిలో ఏది ఎక్కువైతే అది. 800 దగ్గర అది 6 డిగ్రీలు. అక్కడ కోల్డ్ జంక్షన్ తప్పు 2 నుంచి 0.5కి తగ్గించడానికి డబ్బు పోయడం దండగ, ముందు క్లాస్ 1 తీగ కొనండి. అది 800 దగ్గర 3.2కి దిగుతుంది. 100 డిగ్రీల దగ్గర లెక్క తిరగబడుతుంది. క్లాస్ 1 తీగ హద్దు 1.5 డిగ్రీలే, MAX31855 కోల్డ్ జంక్షన్ తప్పు ఒక్కటే అంతకు మించుతుంది. అక్కడ మంచి టెర్మినల్ దిమ్మ ఉన్న లాగర్‌గానీ, MAX31856గానీ అవసరం. అరడిగ్రీ ఖచ్చితత్వం కావాలి, వేడి 200 దాటదు అంటే థర్మోకపుల్ వదిలేసి ప్లాటినం ఆర్టీడీ పెట్టుకోండి. దానికి కోల్డ్ జంక్షనే ఉండదు.

ఏది బిగించినా చివరగా రెండు నిమిషాల పరీక్ష ఒకటి చేయండి. థర్మోకపుల్ తీసేసి, ఆ ఇన్‌పుట్ రెండు స్క్రూల మధ్య చిన్న రాగి తీగ ముక్క బిగించండి. రాగితో వోల్టేజ్ సున్నా, కాబట్టి పరికరం చూపించేది టెర్మినల్ వేడి మాత్రమే. మంచి థర్మామీటర్ కొనను స్క్రూకి ఆనించి, మూత వేసి, పావుగంట ఆగి రెండూ పోల్చండి. సున్నా చూపిస్తే కాంపెన్సేషన్ ఆఫ్‌లో ఉంది, సెట్టింగ్ చూడాలి. రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే సెన్సర్ దగ్గర ఏదో వేడెక్కుతోంది. సరిగ్గా సరిపోయిందంటే రాగి తీసేసి థర్మోకపుల్ బిగించి, దాని కొనను పైన చెప్పినట్టు చేసిన ఐస్‌లో లోతుగా ముంచండి. 0 దగ్గర నిలిచిందంటే ఆ ఛానెల్, తీగ రెండూ ఆ చోట సరిగ్గా ఉన్నాయి. అప్పటికీ కొలిమి దగ్గర తప్పే చూపిస్తుంటే వెతకాల్సింది హెడ్‌లోనూ, కేబుల్ రంగుల్లోనూ.